పద్నాలుగు లక్షల తప్పు ఎప్పుడు పెద్దదవుతుంది?

స్టాక్ మార్కెట్లో ఉన్న ఏ పెద్ద కంపెనీ వార్షిక నివేదిక తీసినా, ఆస్తి అప్పుల పట్టీ పైన ఓ మూల చిన్న అక్షరాల్లో ‘రూ. కోట్లలో’ అని కనిపిస్తుంది. అంకెలను దశాంశాలు లేకుండా వేస్తే నలభై లక్షల రూపాయలు ఆ పట్టీలో ఎక్కడా కనబడకుండా పోతాయి. ఇది దొంగచాటు పనేమీ కాదు. 2013 కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలే ఇందుకు వీలిచ్చింది. మొత్తం ఆదాయం వంద కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు లెక్కల్ని లక్షల్లోనో, మిలియన్లలోనో, కోట్లలోనో చూపవచ్చు. అంతకు తక్కువున్నవి వందల్లో, వేలల్లో, లక్షల్లో కూడా చూపవచ్చు.

అదే కంపెనీ గేటు పక్క గదిలో చిల్లర నగదు చూసే గుమాస్తా ఉంటాడు. సాయంత్రం పెట్టెలో నలభై రూపాయలు తగ్గితే అతనికి ఇంటికి కదలడానికి ఉండదు. వోచర్లన్నీ మళ్లీ తిరగేయాలి. ఒకే కంపెనీ, ఒకే లెక్కల శాఖ. ఒకచోట నలభై లక్షలు అంకెల్లో కలిసిపోతే ఎవరూ అడగరు, ఇంకోచోట నలభై రూపాయలకు సంజాయిషీ రాయాలి. పైకి వింతగా ఉన్నా రెండూ సరైనవే. ఈ రెంటి మధ్యా ఉన్న సూత్రాన్ని అకౌంటెంట్లు ‘మెటీరియాలిటీ’ అంటారు.

చాలామంది దీన్ని ‘కొంత తప్పు ఉన్నా ఫర్వాలేదు’ అనే వెసులుబాటు అనుకుంటారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఒక ఆడిటర్ పక్కన కూర్చుని, ఒక చిన్న కంపెనీ లెక్కల్ని మొదటి నుంచి చివరి దాకా చూడాలి.

చదివేవాడి నిర్ణయమే కొలత

లెక్కలు ఎందుకు రాస్తారు? ఎవరో వాటిని చదివి ఒక నిర్ణయం తీసుకోవడానికి. అప్పు ఇవ్వాలా వద్దా అని బ్యాంకు చూస్తుంది. వాటా కొనాలా, ఉన్నది అమ్మాలా అని మదుపరి చూస్తాడు. సరుకు అరువు ఇవ్వవచ్చా అని సరఫరాదారు చూస్తాడు. భారతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో మొదటిదైన ఇండ్ ఏఎస్ 1 చెప్పేదాని సారం ఇదే: ఒక సమాచారాన్ని వదిలేయడం వల్లగానీ, తప్పుగా చూపడం వల్లగానీ, మరుగున పడేయడం వల్లగానీ ఇలాంటి పాఠకుల నిర్ణయం మారవచ్చని సహేతుకంగా అనుకోగలిగితే ఆ సమాచారం మెటీరియల్.

ఇందులో ‘మరుగున పడేయడం’ అన్నది తర్వాత చేరింది. అంతర్జాతీయ ప్రమాణాల బోర్డు 2018లో నిర్వచనాన్ని సవరించినప్పుడు దాన్ని కలిపింది, మన ప్రమాణాల్లోకి 2020లో వచ్చింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. రెండు వందల పేజీల నివేదికలో ప్రతి చిన్న విషయాన్నీ సమాన శ్రద్ధతో చెప్పుకుంటూ పోతే, నూట డెబ్బయ్యో పేజీలో ఉన్న పెద్ద కోర్టు కేసు ఎవరి కంటా పడదు. చిన్నదాన్ని చిన్నదిగా పక్కన పెట్టకపోతే పెద్దది కనిపించదు. అకౌంటెంట్లు అన్ని తప్పుల్నీ ఒకే గాటన కట్టకపోవడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం ఖర్చు. ఒక సంవత్సరంలో మధ్యతరహా కంపెనీ రాసే పద్దులు వేలల్లో ఉంటాయి. ఆడిటర్ వాటన్నింటినీ చూడడు, చూడలేడు. కొన్ని ఎంచుకుని పరీక్షిస్తాడు. ఏవి ఎంచుకోవాలి, ఎన్ని ఎంచుకోవాలి, ఎక్కడ ఆగాలి అని తేల్చుకోవడానికి అతనికి ఒక హద్దు కావాలి. ఆ హద్దును ఎలా గీయాలో భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ జారీ చేసిన ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 320 చెబుతుంది. దొరికిన తప్పుల్ని ఎలా తూచాలో ఎస్‌ఏ 450 చెబుతుంది.

ఇరవై లక్షల గీత

ఇప్పుడు ఒక కంపెనీని ఊహించుకుందాం. కోస్తాలో పీవీసీ పైపులు తయారుచేసి డీలర్ల ద్వారా రైతులకు అమ్మే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. ఏడాది అమ్మకాలు 80 కోట్లు. పన్నుకు ముందు లాభం 4 కోట్లు. నిర్వహణ మూలధనం కోసం బ్యాంకు నుంచి అప్పు ఉంది. మార్చి 31తో సంవత్సరం ముగిసింది, ఆడిటర్ వచ్చాడు.

అతను మొదట చేసే పని పుస్తకాలు తెరవడం కాదు. ఈ లెక్కల్ని ఎవరు చదువుతారు, వాళ్ల చూపు ముందు ఏ అంకె మీద పడుతుంది అని ఆలోచించడం. ఇక్కడ బ్యాంకూ, వాటాదారులూ ఇద్దరూ చూసేది లాభం. అందుకని లాభాన్ని ఆధారంగా తీసుకుంటాడు. లాభం కోసం నడిచే తయారీ సంస్థకు పన్నుకు ముందు లాభంలో అయిదు శాతం తగినదని ఆడిటర్ భావించవచ్చని ఎస్‌ఏ 320 ఉదాహరణగా చెబుతుంది. నాలుగు కోట్లలో అయిదు శాతం అంటే 20 లక్షలు. అన్ని తప్పులూ కలిసి 20 లక్షలు దాటితే ఈ లెక్కలు చదివేవాణ్ని తప్పుదారి పట్టిస్తాయని అతను ముందే నిర్ణయించుకున్నట్టు.

ఈ అయిదు శాతం శాసనం కాదు. ఇదే కంపెనీ వానలు పడక దెబ్బతిని, లాభం 20 లక్షలకు దిగిందనుకోండి. అందులో అయిదు శాతం లక్ష రూపాయలే. 80 కోట్ల వ్యాపారాన్ని లక్ష రూపాయల జల్లెడతో పట్టడం కుదిరే పని కాదు, పైగా వ్యాపారం పరిమాణమేమీ తగ్గలేదు. అప్పుడు ఆడిటర్ గత కొన్నేళ్ల సగటు లాభాన్నో, అమ్మకాల్లో కొంత శాతాన్నో ఆధారం చేసుకుంటాడు. లాభాపేక్ష లేని సంస్థ అయితే లాభమన్న మాటే ఉండదు గనక మొత్తం ఆదాయంలోనో, ఖర్చులోనో ఒక శాతం తీసుకోవచ్చని అదే ప్రమాణం సూచిస్తుంది. ఏ ఆధారం ఎందుకు తీసుకున్నాడో మాత్రం ఆడిటర్ తన ఫైలులో రాసి ఉంచాలి. ‘పోయినేడాది ఇంతే పెట్టాం’ అన్నది కారణం కాదు.

గీత ఒకటే గీస్తే చాలదు. పరీక్షించని పద్దుల్లో కూడా తప్పులుంటాయి కదా. దొరికినవి 19 లక్షలు ఉంటే, దొరకనివి మరో రెండు లక్షలు ఉండవని ఎవరు చెప్పగలరు? అందుకని ఆడిటర్ పని చేసేటప్పుడు ఇంకాస్త కింద రెండో గీత గీసుకుంటాడు. మన కంపెనీకి అది నాలుగింట మూడు వంతులు, అంటే 15 లక్షలు అనుకుందాం. ఎన్ని బిల్లులు చూడాలి, ఏ ఖాతాలోకి లోతుగా వెళ్లాలి అన్నది ఈ అంకెను బట్టి నిర్ణయమవుతుంది. కంపెనీ లెక్కల మీద నమ్మకం తక్కువైతే, పోయినేడు తప్పులు ఎక్కువ దొరికితే, ఈ రెండో గీతను మరింత కిందికి దించుతాడు.

మూడోది అన్నిటికంటే అడుగున ఉండే గీత. దానికంటే చిన్న తప్పుల్ని జాబితాలో కూడా రాయడు. మన ఉదాహరణలో అది లక్ష రూపాయలు. ఇలాంటివి ఎన్ని కలిసినా లెక్క మారదన్నది స్పష్టంగా కనిపిస్తేనే వదిలేయాలి. ఏ కొంచెం అనుమానమున్నా జాబితాలోకి ఎక్కాల్సిందే.

దొరికిన తప్పులు

ఆడిటర్‌కు ముందుగా దొరికింది నాలుగున్నర వేల రూపాయల డ్రిల్లింగ్ మిషను. అది నాలుగైదేళ్లు పనిచేస్తుంది గనక సిద్ధాంతం ప్రకారం ఆస్తిగా రాసి, ఏటా కొంత తరుగుదల తీయాలి. కంపెనీ మొత్తాన్నీ ఈ ఏడాది ఖర్చులోనే వేసేసింది. ఆడిటర్ దాన్ని చూసి పేజీ తిప్పేశాడు. ఇలాంటి వాటికి ఏళ్ల తరబడి తరుగుదల లెక్కలు రాయడానికి పట్టే శ్రమ, ఆ లెక్క ఇచ్చే సమాచారం కంటే ఎక్కువ. 1956 నాటి పాత కంపెనీల చట్టంలోని పద్నాలుగో షెడ్యూలు కూడా అయిదు వేలకు మించని ఆస్తుల్ని ఒక్క ఏడాదిలోనే మొత్తంగా తరిగించమంది.

తర్వాత దొరికింది అమ్మకాల్లో. మార్చి 31 తేదీతో ఒక డీలరుకు 9 లక్షల ఇన్‌వాయిస్ ఉంది. గేటు రిజిస్టరులో చూస్తే ఆ లారీ ఏప్రిల్ 2న బయటికి వెళ్లింది. అంటే సంవత్సరం ముగిసేసరికి పైపులు ఇంకా గోదాములోనే ఉన్నాయి. అమ్మకం వచ్చే ఏడాదిది. చూడగానే 9 లక్షల తప్పు అనిపిస్తుంది. కానీ అమ్మకం తీసేస్తే, ఆ సరుకు మళ్లీ నిల్వలోకి చేరుతుంది. ఆ పైపుల తయారీ ఖర్చు 8 లక్షలు. కాబట్టి లాభంలో తేడా ఒక్క లక్షే. తప్పు ఎంతన్నది ఏ అంకె మీద దాని ప్రభావం చూస్తున్నామో దాన్ని బట్టి మారుతుంది. ఆడిటర్ జాబితాలో రెండూ రాసుకుంటాడు.

మూడోది మార్చి నెల కరెంటు బిల్లు, 6 లక్షలు. బిల్లు ఏప్రిల్‌లో వచ్చింది గనక ఏప్రిల్ ఖర్చుగా రాశారు. మిషన్లు తిరిగింది మార్చిలో, ఖర్చు మార్చిదే. నాలుగోది ఒక మిషను మరమ్మతుకు అయిన 5 లక్షలు. మరమ్మతు వల్ల మిషను మళ్లీ మునుపటిలా తిరుగుతోందే తప్ప కొత్త సామర్థ్యమేమీ రాలేదు. దాన్ని ఖర్చుగా రాయాల్సింది పోయి మిషను విలువకు కలిపేశారు.

అయిదోది ఒక డీలరు బాకీ, 14 లక్షలు. అతను ఫిబ్రవరిలోనే దుకాణం మూసేశాడు, ఇచ్చిన చెక్కులు వెనక్కొచ్చాయి. కంపెనీ మాత్రం ఆ మొత్తాన్ని రావలసిన బాకీగానే చూపుతోంది. ‘వాళ్ల నాన్నకు పొలం ఉందండీ, ఎలాగైనా వసూలు చేస్తాం’ అంటాడు యజమాని. ఇక్కడ తప్పు కూడికలో లేదు. అంచనాలో ఉంది. అందుకే దీనిమీద వాదన ఎక్కువ జరుగుతుంది.

నాలుగైదు రకాల తప్పులు. ఒక్కోదాన్నీ విడిగా చూస్తే ఏదీ 20 లక్షల దరిదాపుల్లో లేదు. కలిపి చూస్తే? ఒకటి, ఆరు, అయిదు, పద్నాలుగు. మొత్తం 26 లక్షలు. గీత దాటింది. తప్పుల్ని విడివిడిగా కొలిచి ‘ఇది చిన్నదే’ అంటూ ఒక్కొక్కటిగా వదిలేయడానికి వీల్లేదని ఎస్‌ఏ 450 చెప్పేది ఇందుకే.

ఇంకొకటి కూడా ఆడిటర్ కంట్లో పడుతుంది. ఈ నాలుగూ లాభాన్ని పెంచినవే. నిజాయితీగా జరిగే పొరపాట్లు సాధారణంగా రెండు వైపులా ఉంటాయి, కొన్ని లాభాన్ని పెంచితే కొన్ని తగ్గిస్తాయి. అన్నీ ఒకే వైపు మొగ్గితే అక్కడ ఎవరి చెయ్యో ఉందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆడిటర్ వెనక్కి వెళ్లి మరిన్ని బిల్లులు తీస్తాడు.

గీత కింద ఉన్నా పెద్దదే

తప్పుల జాబితాను యజమాని ముందు పెట్టి, అన్నింటినీ సరిచేయమని ఆడిటర్ అడుగుతాడు. ‘గీతకు పైవి మాత్రం దిద్దండి’ అని అనడు. చిన్న గీత దాటి జాబితాలోకెక్కిన ప్రతి తప్పునూ దిద్దమనే కోరాలి. యజమాని కరెంటు బిల్లుకూ, మరమ్మతుకూ ఒప్పుకున్నాడు. 11 లక్షలు సర్దుబాటయ్యాయి. డీలరు బాకీ, లారీ అమ్మకం మాత్రం అలాగే ఉంచుతానన్నాడు. మిగిలిన తప్పు 15 లక్షలు. గీత 20 లక్షలు.

లెక్క ప్రకారం ఇక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. ఎందుకో చూడాలంటే బ్యాంకు అప్పు పత్రం తీయాలి. అందులో ఒక షరతు ఉంది: కంపెనీ స్వల్పకాలిక ఆస్తులు, స్వల్పకాలిక అప్పులకు కనీసం 1.33 రెట్లు ఉండాలి. నిర్వహణ మూలధనానికి అప్పిచ్చేటప్పుడు మన బ్యాంకులు ఎన్నో ఏళ్లుగా చూసే నిష్పత్తి ఇది. తగ్గితే బ్యాంకు వడ్డీ పెంచవచ్చు, అప్పు వెనక్కి కట్టమనవచ్చు.

కంపెనీ మొదట చూపిన లెక్కలో స్వల్పకాలిక ఆస్తులు 26.75 కోట్లు, అప్పులు 20 కోట్లు. నిష్పత్తి దాదాపు 1.34. కరెంటు బిల్లును చేర్చాక అప్పులు 20.06 కోట్లయ్యాయి, నిష్పత్తి 1.333కు దిగింది. ఇంకా షరతుకు లోబడే ఉంది. మరమ్మతు ఖర్చు మిషను విలువకు సంబంధించింది గనక దీన్ని తాకదు. ఇప్పుడు డీలరు బాకీ 14 లక్షలు తీసేస్తే స్వల్పకాలిక ఆస్తులు 26.61 కోట్లవుతాయి. నిష్పత్తి 1.327. షరతు తప్పింది.

చూశారా, 80 కోట్ల వ్యాపారంలో 14 లక్షలు ఏ మూలకూ రావు. లాభంలో చూసినా మూడున్నర శాతమే. కానీ ఈ లెక్కల్ని ముందుగా చదివేది బ్యాంకు, బ్యాంకు నిర్ణయం తిరిగేది ఈ నిష్పత్తి చుట్టూ. ఇదే బాకీ, బ్యాంకు అప్పు లేని కంపెనీ పుస్తకాల్లో ఉంటే ఆడిటర్ జాబితాలో రాసుకుని ముందుకు సాగిపోయేవాడేమో. ఇక్కడ సాగిపోలేడు. మొత్తం మారలేదు. చదివేవాడూ, అతని నిర్ణయమూ మారాయి. యజమాని ఆ బాకీని అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడో కూడా ఇప్పుడు అర్థమవుతుంది.

యజమాని చివరిదాకా దిద్దనంటే ఆడిటర్ తన నివేదికలో ఆ ఒక్క విషయంతో ఏకీభవించడం లేదని రాయాలి. క్వాలిఫైడ్ ఒపీనియన్ అంటారు దాన్ని. దాన్ని చదవగానే బ్యాంకు ఫోను చేస్తుంది. అందుకే ఇలాంటి వాదనలు చాలావరకు నివేదిక దాకా రాకుండానే, ‘సరేలెండి, రాని బాకీకి కేటాయింపు చేద్దాం’ అన్న మాటతో ముగుస్తాయి.

మొత్తం చిన్నదైనా స్వభావం వల్ల పెద్దవైపోయే తప్పుల్ని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 1999 ఆగస్టులో ఒక బులెటిన్‌లో వరసగా చెప్పింది. స్టాఫ్ అకౌంటింగ్ బులెటిన్ 99 అని దాని పేరు. అయిదు శాతం లోపలుందన్న ఒక్క కారణంతో తప్పును కొట్టిపారేయకూడదని అది హెచ్చరించింది. ఆ తప్పు నష్టాన్ని లాభంగా మార్చిందా? మార్కెట్ ఎదురుచూసిన అంకెను అందుకోలేకపోయిన సంగతి దాచిందా? అప్పు షరతు తప్పిన విషయం కప్పిందా? అధికారుల బోనసుకు దారి తీసిందా? చట్టవిరుద్ధమైన లావాదేవీని దాచిందా? అయిదు వేల లాభాన్ని అయిదు వేల నష్టంగా దిద్దితే తేడా పది వేలే. కానీ ‘వరసగా పదో ఏడాదీ లాభాలే’ అని చెప్పుకునే కంపెనీకి ఆ పది వేలు చాలా ఖరీదైనవి.

మోసం సంగతి మరీ వేరు. మన కంపెనీల చట్టం 143వ సెక్షన్ కింద, ఉద్యోగులో అధికారులో చేసిన మోసం కోటి రూపాయలకు తగ్గకుండా ఉంటే ఆడిటర్ కేంద్ర ప్రభుత్వానికి తెలపాలి. కోటికి లోపల ఉంటే డైరెక్టర్ల బోర్డుకో, ఆడిట్ కమిటీకో చెప్పాలి. అంటే మొత్తాన్ని బట్టి ఎవరికి చెప్పాలన్నది మారుతుంది, చెప్పాల్సిన బాధ్యత మారదు. 15 లక్షల హద్దుతో పని చేస్తున్న ఆడిటర్‌కు గోదాము మేనేజరు 40 వేల సరుకు తనదే దొంగ బిల్లుతో బయటికి పంపాడని తెలిస్తే, అది చిన్న మొత్తమని మూసేయడానికి లేదు. ఇప్పటిదాకా ఆ మేనేజరు సంతకంతో వచ్చిన నిల్వల లెక్కలన్నింటి మీదా నమ్మకం పోయింది.

రెండు రూపాయల తేడా వెనక

మరి గుమాస్తా నలభై రూపాయల కోసం ఎందుకు ఆగాలి? పుస్తకాలు రాసే చోట మెటీరియాలిటీ పని చేయదు గనక. అక్కడ చిన్న తేడా చిన్న తప్పుకే గుర్తు కానక్కర్లేదు.

చేత్తో ఆవర్జా రాసే రోజుల్లో సంవత్సరాంతాన అంకణా వేస్తే రెండు వైపులా సమానంగా రావాలి. రెండు రూపాయలు తేడా వచ్చిందనుకోండి. ఒక కొనుగోలు ఖాతాలో డెబిట్ వైపు 3,00,000 రాయడం మరిచిపోయి, మరోచోట క్రెడిట్ వైపు 2,99,998 రాయడం మరిచిపోయినా తేడా సరిగ్గా రెండు రూపాయలే. దాదాపు మూడేసి లక్షల రూపాయల తప్పులు ఒకదాన్నొకటి మింగేసి, పైకి రెండు రూపాయలుగా కనిపిస్తాయి. ఆ తేడా దేనివల్ల వచ్చిందో తెలిసేదాకా అది చిన్నదో పెద్దదో చెప్పడానికి ఆధారమే లేదు. సస్పెన్స్ ఖాతాలో పడేసి ఊరుకుంటే పెద్ద తప్పుల్ని తలుపేసి దాచినట్టే.

పాత గుమాస్తాలు తేడాను ముందు తొమ్మిదితో భాగించి చూసేవారు. నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయని ఊహ. 54,300 బదులు 45,300 అని రాస్తే తేడా 9,000. అది తొమ్మిదితో భాగించబడుతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు వైపులా సమానం కాని పద్దును అసలు తీసుకోదు గనక ఆ జాగ్రత్త బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాన్ని సరిచూసే పనికి మారింది. అక్కడ 118 రూపాయల తేడా వస్తే అనుభవమున్నవాళ్లు వెంటనే బ్యాంకు చార్జీ 100, దానిమీద జీఎస్టీ 18 అని పోల్చుకుంటారు. కారణం దొరికాక 118 రూపాయలు నిజంగానే చిన్నది. కారణం దొరక్క ముందు కాదు.

గుమాస్తాకీ, ఆడిటర్‌కీ పనుల్లో ఉన్న తేడా ఇదే. చట్టం కంపెనీ నుంచి కోరేది సరైన పుస్తకాలు. ‘ఇరవై లక్షల లోపు తప్పులు ఉండవచ్చు’ అని ఎక్కడా లేదు. ఆ హద్దు ఆడిటర్ తన పరీక్ష కోసం గీసుకున్నది. దాన్ని కంపెనీకి ముందుగా చెప్పడానికి ఆడిటర్లు జంకేదీ అందుకే. చెబితే అంతవరకు నొక్కేయడానికి చోటిచ్చినట్టవుతుంది.

ఏటా కొంచెం కొంచెం

మెటీరియాలిటీని ఎక్కువగా ఏమార్చేది కాలం. మన పైపుల కంపెనీ నిల్వల్ని ఏటా కాస్త ఎక్కువ చేసి చూపుతోందనుకుందాం. మొదటి ఏడాది చివర 12 లక్షలు ఎక్కువ. రెండో ఏడాది చివర 24 లక్షలు. మూడో ఏడాది 36 లక్షలు. ఈ ఏడాది నిల్వే వచ్చే ఏడాదికి ప్రారంభ నిల్వ అవుతుంది గనక ఏ ఏడాది లాభంలో చూసినా తేడా 12 లక్షలే. 20 లక్షల గీత కింద అన్నీ దాటిపోతాయి. కానీ మూడో ఏడాది ఆస్తి అప్పుల పట్టీలో 36 లక్షల సరుకు లేనిదే ఉన్నట్టు కూర్చుంది. ఇప్పుడు దాన్ని దిద్దబోతే ఆ భారమంతా ఒకే ఏడాది లాభం మీద పడుతుంది. దిద్దడం ఏటికేడు కష్టమవుతుంది, దిద్దకపోవడమే తేలికవుతుంది.

అందుకని తప్పును రెండు విధాలా కొలవాలి: ఈ ఏడాది లాభం మీద దాని ప్రభావం ఎంత, పట్టీలో పేరుకుపోయింది ఎంత. అమెరికాలో ఎస్‌ఈసీ 2006లో ఇచ్చిన మరో బులెటిన్ ఈ రెండు కొలతలూ తప్పనిసరి చేసింది. మన ఎస్‌ఏ 450 కూడా గత సంవత్సరాల్లో దిద్దకుండా వదిలేసిన తప్పుల ప్రభావాన్ని ఈ ఏడాది లెక్కలో చూడమంటుంది.

ఇలా పేరుకుపోవడం ఎక్కడిదాకా వెళ్లగలదో తెలుగువాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివే. ఆ త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, అసలైంది 61 కోట్లు. ఇది మెటీరియాలిటీ హద్దుల గురించి తర్జనభర్జన పడాల్సిన విషయమే కాదు, నేరుగా మోసం. అయితే అదే లేఖలో ఆయన మొదలును వివరించిన తీరు గమనించాలి. నిజమైన లాభానికీ, పుస్తకాల్లోని లాభానికీ మొదట స్వల్పమైన తేడాగా మొదలైంది ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ పోయిందని రాశారు. ఆ మాటను యథాతథంగా నమ్మనక్కర్లేదు. కానీ ఆ పట్టీలో చూడాల్సింది ఏ ఒక్క ఏడాది తేడానో కాదన్నది మాత్రం అంకెలే చెబుతున్నాయి. ఏటా చూపిన లేని లాభం చివరికి ఎక్కడో ఒక ఆస్తి రూపంలో కూర్చోవాలి. సత్యంలో అది బ్యాంకు డిపాజిట్ల రూపంలో కూర్చుంది. బ్యాంకు నిల్వకు అంచనాలు అక్కర్లేదు. నేరుగా బ్యాంకును అడిగి ధ్రువీకరణ తెచ్చుకుంటే ఉందో లేదో తేలిపోతుంది.

మనకు కనబడనిది

సామాన్య వాటాదారుకు ఇందులో ఒక చిక్కుంది. ఆడిటర్ గీసుకున్న అంకె ఎంతో మన దేశంలో నివేదికలో రాయనక్కర్లేదు. బ్రిటన్‌లో లిస్టయిన కంపెనీల ఆడిటర్లు తాము వాడిన మెటీరియాలిటీ మొత్తాన్నీ, దాన్ని ఎలా లెక్కగట్టారో కూడా నివేదికలో చెబుతారు. అక్కడి మదుపరికి ‘ఇంతకంటే చిన్న తప్పుల సంగతి ఈ నివేదిక హామీ ఇవ్వడం లేదు’ అని తెలుస్తుంది. ఇక్కడ మనం ఊహించుకోవాలి.

ఊహించడం మరీ కష్టమేమీ కాదు. మీరు వాటాలు కొన్న కంపెనీ పన్నుకు ముందు లాభం తీసుకుని అందులో అయిదు శాతం లెక్కగట్టండి. స్థూలంగా ఆ పరిధిలో ఉండే తప్పుల్ని ఆడిట్ పట్టుకుంటుందని ఆశించవచ్చు, అంతకు చాలా చిన్నవాటిని పట్టుకుంటుందని ఆశించకూడదు. ఆడిట్ నివేదికలో ఈ లెక్కల్లో మెటీరియల్ తప్పులు లేవని సహేతుకమైన హామీ పొందామనే ఉంటుంది, తప్పులే లేవని ఉండదు. ఆ అయిదు శాతం వేసుకున్నాక మరో రెండు చోట్ల చూడండి. ఒకటి, ఈ ఏడాది లాభం ఏదైనా గీతను వెంట్రుకవాసిలో దాటిందా, అంటే నష్టం నుంచి స్వల్ప లాభంలోకి వచ్చిందా, పోయినేడాది అంకెను సరిగ్గా అందుకుందా అని. రెండు, లాభం ఏటా పెరుగుతున్నా వ్యాపారం నుంచి చేతికొచ్చే నగదు దానితోపాటు పెరుగుతోందా, లేక బాకీలూ నిల్వలే పెరుగుతున్నాయా అని. మొదటిదానిలో చిన్న తప్పు పెద్ద పని చేసి ఉండవచ్చు. రెండోదానిలో చిన్న తప్పులు ఏళ్ల తరబడి పోగుపడుతూ ఉండవచ్చు. ఈ రెంటిలో దేనికైనా సమాధానం అనుమానంగా ఉంటే, వార్షిక సమావేశంలో ఆడిటర్‌ను అడగాల్సిన ప్రశ్న ‘తప్పులున్నాయా’ అని కాదు. ‘దొరికీ దిద్దకుండా వదిలేసినవి మొత్తం ఎంత, అవన్నీ ఏ వైపు మొగ్గాయి’ అని.